అర్రే చివరికి అతి తక్కువ జంప్‌లు: గ్రీడీ చాలా, డీపీ రాయాల్సిందేనా?

రెండో_బెంచీ
అర్రేలో ఒక్కో గడిలో ఉన్న అంకె, అక్కడి నుంచి గరిష్ఠంగా ఎన్ని గడులు ముందుకు దూకొచ్చో చెబుతుంది. మొదటి గడి నుంచి చివరి గడికి కనీసం ఎన్ని జంప్‌లు కావాలి? `[2,3,1,1,4]`కి గ్రీడీ రాస్తే 3 వచ్చింది, డీపీ రాస్తే 2 వచ్చింది. నెట్‌లో అందరూ గ్రీడీయే రాయమంటున్నారు. ఏది నమ్మాలి?

శేషగిరి_ఎం
జవాబు నీ చేతిలోనే ఉంది కదా నాయనా. గ్రీడీ తప్పు చెప్పింది, డీపీ ఒప్పు చెప్పింది. ఇంకా ఎవర్ని అడగాలి? గ్రీడీ ఆ క్షణానికి బాగున్నదాన్ని పట్టుకుంటుంది, తర్వాత ఏమవుతుందో చూడదు. 1, 3, 4 రూపాయల నాణేలతో 6 రూపాయలు ఇవ్వమంటే గ్రీడీ ముందు 4 తీస్తుంది, ఆపైన 1, 1 కలిపి మూడు నాణేలు ఇస్తుంది. 3, 3 ఇస్తే రెండుతో అయిపోయేది. ఇదీ అదే జబ్బు. డీపీ రాయి, నిశ్చింతగా ఉండు.

నల్లమల
తమ్ముడూ, నువ్వు రాసిన గ్రీడీ ఏదో చెప్పలేదు. 3 వచ్చిందంటే, దూకగలిగినంత దూరం దూకేశావని అర్థం. ఇండెక్సులు 0 నుంచి లెక్కపెడితే, 0లో 2 ఉంది కాబట్టి నేరుగా 2కి వెళ్లావు. అక్కడ 1 ఉంది, 3కి వెళ్లావు. అక్కడా 1, అప్పుడు 4. మొత్తం మూడు. నిజానికి 0 నుంచి 1కి దూకితే అక్కడ 3 ఉంది, ఒక్క జంప్‌లో 4కి చేరతావు.

ఎంత దూరంలో దిగావన్నది చూడకూడదు. దిగిన చోటు నుంచి మళ్లీ ఎంత దూరం అందుతుందో చూడాలి. అంటే అందుబాటులో ఉన్న గడుల్లో `i + a[i]` పెద్దదిగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఇది కూడా గ్రీడీయే, కానీ ఇది సరైన జవాబిస్తుంది.

```python
def min_jumps(a):
    n = len(a)
    jumps = end = far = 0
    for i in range(n - 1):
        far = max(far, i + a[i])
        if i == end:
            if far == i:
                return -1
            jumps += 1
            end = far
    return jumps
```

ఇప్పటిదాకా వేసిన జంప్‌లతో ఎంత దూరం వెళ్లగలమో `end` చెబుతుంది. ఇంకొక్క జంప్ వేస్తే ఎంత దూరమో `far` చెబుతుంది. `i` వచ్చి `end`ను తాకినప్పుడు మాత్రమే జంప్ లెక్కపెడతాం.

హరి_చీరాల
ఇంత గొడవెందుకు అన్నా, అందుబాటులో ఉన్నవాటిలో పెద్ద అంకె ఉన్న గడికి దూకితే సరిపోదా? నేను అలాగే రాస్తా. ఒక ఇంటర్వ్యూలో ఇదే రాస్తే టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి, అయినా ప్యానెల్‌లో ఒకాయన "ఇది ప్రూవ్ చెయ్యి" అని పట్టుబట్టి పంపించేశాడు. టెస్టులు పాసయ్యాక ప్రూఫ్ ఎందుకండీ!

కార్తీక్_డల్లాస్
ఇది బీఎఫ్‌ఎస్. గ్రీడీ, డీపీ అని కొట్టుకోవడమే అనవసరం.

నల్లమల
హరీ, `[3,2,0,1,0]` తీసుకో. 0 నుంచి 1, 2, 3 గడులు అందుతాయి, వాటిలో 2, 0, 1 ఉన్నాయి. నీ రూల్ ప్రకారం పెద్దది 2, అంటే ఇండెక్స్ 1కి వెళ్తావు. అక్కడి నుంచి 3 దాకానే అందుతుంది, చివరి గడి 4. కాబట్టి 0, 1, 3, 4, మూడు జంప్‌లు. అదే 0 నుంచి నేరుగా 3కి వెళ్తే అక్కడున్న 1తో 4కి చేరతాం, రెండే జంప్‌లు. ఇండెక్స్ 1 దగ్గర అంకె పెద్దదే, కానీ ఆ గడి రెండు స్థానాలు వెనక ఉంది. అందుకే అంకెకు ఇండెక్స్ కలిపి చూడాలి: 1+2=3, 3+1=4. నీ కోడ్ ఆ టెస్టుల్లో పాసైందంటే ఇలాంటి కేసు వాటిలో లేదన్నమాట.

ఇంకో సంగతి. చివరి గడి ఇప్పటికే అందుతుంటే నేరుగా దానికే దూకాలి, "మంచి" గడి కోసం వెతకకూడదు. `[2,3,1]`లో 0 నుంచి ఒకే జంప్‌లో చివరికి చేరొచ్చు. కొందరు ముందు ఇండెక్స్ 1ని ఎంచుకుని, అక్కడి నుంచి చివరికి వెళ్లి, 2 అని చెబుతారు. పైన రాసిన లూప్‌లో ఆ చిక్కు రాదు, ఎందుకంటే అది గడిని ఎంచుకోదు, హద్దును మాత్రమే జరుపుతుంది.

శేషగిరి_ఎం
చూశారా? ఇప్పటికి మూడు గ్రీడీలు వచ్చాయి, అందులో రెండు తప్పు. మూడోది ఒప్పని మీరంటున్నారు. పరీక్షలో కూర్చున్న పిల్లవాడికి మూడింట్లో ఏది ఒప్పో ఎలా తెలుస్తుంది? డీపీలో ఈ బెడద లేదు. `d[i]` అంటే i గడికి చేరడానికి కావలసిన కనీస జంప్‌లు. i ని అందుకోగల ప్రతి j నీ చూడు, `d[j]+1`లలో చిన్నది తీసుకో. అన్నిటినీ చూస్తున్నాం కాబట్టి తప్పడానికి వీల్లేదు.

లక్ష్మి_క్యూఏ
`range(n - 1)` బదులు `range(n)` రాసేవాళ్లు చాలామంది. `[2,3,1,1,4]`లో `end` సరిగ్గా 4 అవుతుంది, `i` కూడా 4కి వచ్చి తగిలి అదనంగా ఒక జంప్ కలుస్తుంది, 3 వస్తుంది. ఒకే గడి ఉన్న అర్రేతోనూ పట్టేయొచ్చు. అక్కడ జవాబు 0 రావాలి.

నల్లమల
లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. `far == i` చెక్ కూడా వదిలేస్తుంటారు. లీట్‌కోడ్ 45లో చివరికి చేరగలమని ముందే హామీ ఇస్తారు కాబట్టి అక్కడ ఆ లోపం బయటపడదు. `[3,2,1,0,4]` ఇచ్చి చూడండి. 3వ గడిలో 0 ఉంది, దాన్ని దాటే దారే లేదు. చెక్ లేని కోడ్ మాత్రం ఏ ఎర్రరూ ఇవ్వకుండా 2 అని చెబుతుంది.

శేషగిరి గారూ, నాణేల ఉదాహరణ ఇక్కడ అతకదు. నాణెం విలువ కచ్చితం: 4 రూపాయల నాణెంతో 3 రూపాయలు ఇవ్వలేం. అందుకే అక్కడ 3 రూపాయలకు ఒక్క నాణెం చాలు, అంతకంటే చిన్నదైన 2 రూపాయలకు రెండు కావాలి. మొత్తం పెరిగినా నాణేలు తగ్గొచ్చు. ఇక్కడ గడిలో 4 ఉంటే 1, 2, 3, 4లో ఎంతైనా దూకొచ్చు. దానివల్ల ఒక మంచి లక్షణం వస్తుంది. k జంప్‌లతో ఒక గడికి చేరగలిగితే, దానికి ముందున్న ఏ గడికైనా k లేదా అంతకంటే తక్కువ జంప్‌లతో చేరగలం. ఎందుకంటే ఆ దారిలో ఏదో ఒక జంప్ ఆ ముందు గడి మీదుగా పోయుంటుంది, లేదా దాని మీదే దిగుంటుంది. ఆ జంప్‌నే కాస్త కుదించి అక్కడే దిగొచ్చు.

అంటే మీ `d` ఎక్కడా తగ్గదు. `[2,3,1,1,4]`కి `d` 0,1,1,2,2. `[3,2,0,1,0]`కి 0,1,1,1,2. ఇలా మెట్లు మెట్లుగా పెరిగేదానికి ప్రతి గడి విలువా దాచక్కర్లేదు, ఒక్కో మెట్టు ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే చాలు. ఆ ముగింపే `end`.

వైశాలి_కె
మా కోడ్‌లో ఇది పనిచెయ్యలేదు. మాది లాజిస్టిక్స్. ఒక్కో హాల్టుకు ఒక్కో ఫీజు ఉంటుంది. పైన ఇచ్చినట్టే గ్రీడీ పెడితే ఖర్చు ఎక్కువ వచ్చింది, చివరికి తీసేయాల్సి వచ్చింది. కాబట్టి శేషగిరి గారి మాటే నిజం.

కార్తీక్_డల్లాస్
మేడమ్, మీది కనీస ఖర్చు, ఇక్కడ అడిగింది కనీస జంప్‌లు.

వైశాలి_కె
బయట పనుల్లో జంప్‌లను ఎవరు లెక్కపెడతారండీ, ఖర్చునే కదా చూసేది.

నల్లమల
వైశాలి గారూ, మీ కేసులో గ్రీడీ పనిచెయ్యకపోవడానికి కారణం పైన చెప్పిన లక్షణం పోవడమే. అదే అర్రే `[2,3,1,1,4]` తీసుకుని, దిగినప్పుడు కట్టాల్సిన ఫీజులు 0, 50, 5, 5, 0 అనుకోండి. తక్కువ జంప్‌ల దారి 0, 1, 4. దాని ఖర్చు 50. ఒక జంప్ ఎక్కువైనా 0, 2, 3, 4 దారిలో ఖర్చు 10. ఇక్కడ కనీస ఖర్చు 1వ గడికి 50, 2వ గడికి 5. ముందుకు వెళ్తే ఖర్చు తగ్గింది. మెట్లు పోయాయి, కాబట్టి `end` అనే హద్దుకు అర్థం లేదు.

అలాగని ప్రతి i కీ ప్రతి j నీ చూడక్కర్లేదు. ఒక హీప్ పెట్టుకుని అందులో ఒక్కో గడి తాలూకు ఖర్చునూ, అది ఎంత దూరం అందుకుంటుందో ఆ హద్దునూ జతగా వెయ్యండి. i దగ్గరికి వచ్చినప్పుడు పైనున్న జత హద్దు i కంటే తక్కువైతే తీసి పారెయ్యండి, అది ఇక ఎప్పటికీ పనికిరాదు. మిగిలినవాటిలో పైనున్న ఖర్చుకు i ఫీజు కలిపితే i జవాబు వస్తుంది. హీప్ ఖాళీ అయిపోతే చేరలేమని అర్థం. మొత్తం O(n log n).

శేషగిరి_ఎం
అంటే నేను అన్నదే మీరూ ఒప్పుకున్నారు. చిన్న షరతు ఒకటి చేర్చగానే గ్రీడీ కూలిపోయింది. ఫీజు పెడితే పోయింది, కొన్ని గడుల్లో దిగకూడదని అడ్డు పెడితే పోతుంది. డీపీలో అయితే ఒక లైను మారిస్తే చాలు.

నల్లమల
ఫీజు విషయం ఒప్పుకుంటాను. అడ్డు విషయం ఒప్పుకోను మాస్టారూ. కొన్ని గడుల్లో దిగకూడదన్నా, దిగదగ్గ గడుల మధ్య ఆ లక్షణం అలాగే ఉంటుంది. కుదించిన జంప్ దిగేది దిగదగ్గ గడిలోనే కదా. కోడ్‌లో అడ్డున్న గడికి `far` అప్‌డేట్ చెయ్యకుండా వదిలేస్తే చాలు. `end` అడ్డుగడి మీద పడినా ఫర్వాలేదు, అది హద్దు మాత్రమే. చివరి గడి అడ్డుగడి కాకూడదు, అంతే.

గ్రీడీని నిజంగా పడగొట్టే షరతు ఇంకోటుంది: ప్రతి జంప్ కనీసం 2 గడులు ఉండాలనడం. `[3,9,2,2,2,0,0]` చూడండి. పై కోడ్ 2 అంటుంది, ఎందుకంటే 1వ గడిలోని 9ని లెక్కలోకి తీసుకుంటుంది. కానీ కనీసం 2 దూకాలంటే 1వ గడిలో ఎవరూ దిగలేరు. అసలు దారి 0, 2, 4, 6, మూడు జంప్‌లు. ఇక్కడ జంప్‌ను కుదించే స్వేచ్ఛ పోయింది. దానితోపాటే ఆ లక్షణమూ పోయింది.

హరి_చీరాల
అంతా బానే ఉంది కానీ గ్రీడీలో దారి రాదుగా? ఎన్ని జంప్‌లో చెబుతుంది, ఏ గడుల మీదుగా వెళ్లాలో చెప్పదు. దానికైనా డీపీ కావాల్సిందే.

నల్లమల
వస్తుంది. `far` పెరిగినప్పుడల్లా ఏ `i` వల్ల పెరిగిందో ఒక వేరియబుల్‌లో పెట్టుకో. జంప్ లెక్కపెట్టేటప్పుడు ఆ గడిని లిస్టులో చేర్చు, చివర్లో `n-1` చేర్చు. దారి అదే.

శేషగిరి_ఎం
నల్లమల గారూ, ఇలా ఒక్కో ప్రశ్నకూ ఒక్కో కిటుకు చెప్పుకుంటూ పోతే పిల్లలకు మిగిలేది కిటుకులే. ఏటా చూస్తున్నాను. పది లైన్ల కోడ్ బట్టీపట్టి వస్తారు. `end` అంటే ఏమిట్రా అని అడిగితే నోరు పెగలదు. మీలాంటివాళ్లు "గ్రీడీ O(n), డీపీ O(n²)" అని రాసి పడేస్తారు, వాళ్లు ఆ ఒక్క ముక్క పట్టుకుని డీపీ జోలికే వెళ్లరు.

నల్లమల
నేను ఎక్కడ రాసి పడేశాను? పైన ప్రూఫ్ ఇచ్చాను, తప్పిపోయే కేసులూ ఇచ్చాను. మీరు మాత్రం మొదటి పోస్టులోనే, గ్రీడీ ఏదో కనుక్కోకుండా, అది తప్పని తేల్చేశారు. నాణేల పోలిక తెచ్చి ఆ కుర్రాడికి తప్పు కారణం నేర్పారు.

కార్తీక్_డల్లాస్
ఇద్దరూ కాస్త తగ్గండి.

శేషగిరి_ఎం
తగ్గేదేం లేదు. నాకు గ్రీడీ మీద కోపం లేదు. ప్రూఫ్ లేని గ్రీడీ మీద నా అభ్యంతరం. ఆ కుర్రాడు రాసింది అదే, హరి గారు రాసేదీ అదే. డీపీ రాసినవాడికి కనీసం `d[i]` అంటే ఏమిటో చెప్పాల్సిన అవసరం పడుతుంది. ఆ వాక్యం రాయగలిగితే సగం ప్రూఫ్ వచ్చినట్టే. అందుకే ముందు డీపీ రాయించాలంటాను.

నల్లమల
ఇది మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ముందు డీపీ రాయించాలన్నది నాకూ సమ్మతమే. అక్కడే ఆపేయాలన్నది సమ్మతం కాదు. లీట్‌కోడ్ హద్దులు చూడండి: 10,000 గడులు, ఒక్కో గడిలో 1,000 దాకా అంకె. ప్రతి గడి నుంచీ ముందుకు చూసే డీపీ గరిష్ఠంగా కోటి అడుగులు వేస్తుంది, పైథాన్‌లో నెమ్మదిగానైనా ముగుస్తుంది. గడులు పది లక్షలై, అంకెలకు హద్దు లేకపోతే ఆ డీపీ ముగియదు.

డీపీ రాసిన కుర్రాడు `d`ను ప్రింట్ చేసి చూస్తే అది తగ్గడం లేదని వాడికే కనిపిస్తుంది. అలాంటప్పుడు i ని అందుకోగల j లలో మొట్టమొదటిదే ఉత్తమం. i పెరిగేకొద్దీ ఆ j వెనక్కి రాదు. అప్పుడు ఆ డీపీయే ఇలా తయారవుతుంది:

```python
d = [0] * n
j = 0
for i in range(1, n):
    while j + a[j] < i:
        j += 1
    if j == i:
        return -1
    d[i] = d[j] + 1
```

`j` మొత్తం మీద n దాటి జరగదు కాబట్టి ఇదీ O(n). ఇప్పుడు చెప్పండి, ఇది డీపీయా, గ్రీడీయా?

శేషగిరి_ఎం
డీపీ. `d` ఉంది, రికరెన్స్ ఉంది.

కార్తీక్_డల్లాస్
`d` అంటే లెవెల్ నంబర్. బీఎఫ్‌ఎస్ అని మొదటే చెప్పాను.

నల్లమల
నేను గ్రీడీ అంటాను. ఉన్న j లలో మొదటిదాన్ని తీసుకుని మిగతావాటిని చూడకుండా వదిలేస్తున్నాం. ఆ వదిలెయ్యడానికి ప్రూఫ్ కావాలి, రికరెన్స్ ఒక్కటీ చాలదు. ఫీజులున్న కేసులో ఇదే లూప్ పెడితే 3వ గడికి రావడానికి 2ని వదిలేసి, ముందొచ్చిందని 1ని పట్టుకుంటుంది. `d` ఉన్నా జవాబు తప్పుతుంది.

రెండో_బెంచీ
అందరికీ థాంక్స్. నేను రాసింది దూరం దూకే గ్రీడీయే, నల్లమల అన్న సరిగ్గా చెప్పారు. ఒక్క డౌటు. రేపు నేనే ఇంకో గ్రీడీ ఏదైనా రాస్తే, అది తప్పో ఒప్పో ప్రూఫ్ తట్టకముందు తెలుసుకోవడం ఎలా?

లక్ష్మి_క్యూఏ
శేషగిరి గారి నెమ్మది డీపీని దాచి ఉంచు, పోల్చడానికి అదే కావాలి. 1 నుంచి 6 గడుల దాకా, ఒక్కో గడిలో 0 నుంచి 4 దాకా అంకెలు పెట్టి వచ్చే అర్రేలన్నీ తీసుకో. మొత్తం 19,530. ప్రతిదానికీ రెండు కోడ్‌లూ నడిపి, జవాబులు కలవని మొదటి అర్రేను ప్రింట్ చెయ్యి. పొడవు తక్కువ నుంచి ఎక్కువకు వెళ్తే దొరికే ఉదాహరణ చిన్నదిగా ఉంటుంది, చేత్తో చూసి కారణం పట్టుకోవచ్చు. రాండమ్‌గా పెద్ద అర్రేలు ఇస్తే తేడా వచ్చినా ఎక్కడ తప్పిందో కనిపించదు. చివరికి చేరలేని అర్రేలను ఏరి పారెయ్యొద్దు, -1 తప్పులు వాటిలోనే ఉంటాయి.

హరి_చీరాల
నా "పెద్ద అంకె" కోడ్‌ను ఇలాగే నడిపా. నాలుగు గడులకే దొరికింది: `[2,1,1,0]`. సమానంగా ఉంటే మొదటిది తీసుకుంటున్నా కాబట్టి 1కి వెళ్లి 3 జంప్‌లు వేస్తోంది, డీపీ 2 అంటోంది. సమానమైతే చివరిది తీసుకునేలా మార్చా, అప్పుడు ఐదు గడుల దగ్గర దొరికింది. సరే, ఇది వదిలేస్తున్నా. కానీ ఆ ప్యానెల్ ఈ కేసు ఇచ్చుంటే సరిపోయేది కదా, ప్రూఫ్ అడగడం మాత్రం ఇప్పటికీ అన్యాయమే అంటాను.

శేషగిరి_ఎం
కేసు వెతుక్కోవాల్సింది రాసినవాడు, ప్యానెల్ కాదు.

వైశాలి_కె
హీప్ పెట్టి చూశాను, ఖర్చు సరిగ్గా వస్తోంది. మా దగ్గర ప్రతి హాల్టు నుంచీ ఒకే దూరం, బండి రేంజ్ అంతే. అప్పుడు కూడా హీప్ అవసరమా?

నల్లమల
అందరికీ ఒకే హద్దు అయితే హీప్ అక్కర్లేదండీ, డెక్యూ చాలు. కొత్త గడి ఖర్చు కంటే ఎక్కువ లేదా సమానంగా ఉన్నవాటిని వెనక నుంచి తీసేయండి. రేంజ్ దాటిపోయినవాటిని ముందు నుంచి తీసేయండి. ముందున్నదే ఎప్పుడూ కనిష్ఠం. అది O(n)లో అయిపోతుంది. హాల్టుకో రేంజ్ వచ్చిన రోజు మాత్రం మళ్లీ హీప్‌కే వెళ్లాలి, ఎందుకంటే ముందు చేరింది ముందే గడువు తీరుతుందన్న నమ్మకం అప్పుడు ఉండదు.

శేషగిరి_ఎం
ఇది కూడా డీపీయే అని గమనించగలరు.